తాళాలు చేతికొచ్చేది ఏప్రిల్ 25: అప్పటిదాకా ఏ వారం ఏ పని

మూసాపేట అద్దింటి నుంచి నిజాంపేట ఫ్లాట్‌కి. అమ్మినవాళ్లు తాళాలిచ్చే రోజు 2026 ఏప్రిల్ 25, శనివారం. గృహప్రవేశం మే 8, శుక్రవారం తెల్లవారుజామున. సామాన్ల లారీ మే 10, ఆదివారం. మే 17 నుంచి అధిక జ్యేష్ఠం, ఆలోపే అన్నీ అయిపోవాలని అత్తయ్య మాట.

తాళాలకీ లారీకీ మధ్య రెండు వారాలు కావాలనే పెట్టాను. వాళ్లు ఖాళీ చేయడం వారం ఆలస్యమైనా మన ముహూర్తానికి ఇబ్బంది రాకూడదు. ఒక నెల అద్దె, ఈఎంఐ రెండూ కట్టాల్సి వస్తుంది. కట్టేద్దాం, ఆ డబ్బుకి మనశ్శాంతి దొరుకుతుంది. పని అయిపోగానే పక్కన టిక్ పెట్టండి. చేయలేకపోతే నాకు చెప్పండి, ఊరికే ఉండిపోవద్దు.

8 వారాల ముందు (ఫిబ్రవరి 28 నుంచి)

కాగితాలు ముందు, అట్టపెట్టెలు తర్వాత.

- లింకు డాక్యుమెంట్లు, ఈసీ లాయర్‌గారికి ఇవ్వాలి: మీరు.
- అమ్మేవాళ్లకి బ్యాంకు లోన్ ఉంది. అది తీరాక ఒరిజినల్ పత్రాలు ఏ రోజు ఇస్తారో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట వద్దు.
- సొసైటీ ఆఫీసులో మెయింటెనెన్స్ బాకీ ఉందేమో కనుక్కోవాలి. బాకీ లేదన్న లెటర్ వాళ్లే తెచ్చి ఇవ్వాలి.

7 వారాల ముందు (మార్చి 7)

మన లోన్ మంజూరు పత్రం వచ్చిందా చూడండి. ఈ వారం ఇంకేం పెట్టలేదు, పెద్దోడికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి.

6 వారాల ముందు (మార్చి 14)

- ఇప్పటి ఓనర్‌గారికి నోటీసు. అగ్రిమెంట్ ప్రకారం రెండు నెలలు, కాబట్టి మార్చి 15లోపు ఇవ్వాలి, ఖాళీ చేసేది మే 15. ముందు ఇంటికెళ్లి మర్యాదగా చెప్పండి, ఆ తర్వాత వాట్సాప్‌లో కూడా పెట్టండి. తేదీ కనిపించే రాత ఉండాలి.
- అడ్వాన్స్ ఎంత తిరిగొస్తుంది, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, ఇప్పుడే అడిగేయండి. చివరి రోజు గుమ్మంలో నిలబడి బేరాలు వద్దు.
- మార్చి 19 ఉగాది. ఆ రోజు ఏ పనీ లేదు.

5 వారాల ముందు (మార్చి 21)

అటక దించడం. ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు, రెండు పూటలు పెట్టుకుందాం. ఇత్తడి గంగాళం, మామయ్యగారి ట్రంకుపెట్టె విషయం అత్తయ్యదే నిర్ణయం, ఆవిడ ఉన్నప్పుడే తెరవాలి. పాత టీవీ డబ్బాలు, తెగిన వైర్లు, కాళ్లు విరిగిన కుర్చీలు స్క్రాప్ అతనికి. పాత పేపర్లు మాత్రం అమ్మొద్దు, గాజు సామాను చుట్టడానికి కావాలి.

పెద్దోడి గది ముట్టుకోవద్దు. ఏప్రిల్ మధ్యలో చివరి పరీక్ష రాసి వచ్చేదాకా ఆ గదిలో పుస్తకం కూడా కదలకూడదు. ఇది చిట్టికి ప్రత్యేకంగా చెబుతున్నా.

4 వారాల ముందు (మార్చి 28)

- ప్యాకర్స్ వాళ్లని ముగ్గురిని ఇంటికి పిలిచి సామాను చూపించాలి. ఫోన్‌లో చెప్పిన రేటు లెక్కలోకి రాదు. రెండో అంతస్తు, ఇక్కడ లిఫ్ట్ లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. మంచం విప్పి బిగించడం, ఇన్సూరెన్స్, జీఎస్టీ అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. ఆదివారాలు త్వరగా నిండిపోతాయి, తేదీ ఇప్పుడే ఖాయం చేయాలి. టోకెన్ తప్ప పెద్ద అడ్వాన్స్ ఇవ్వొద్దు.
- కొత్త సొసైటీలో సామాను ఎక్కించే వేళలు, సర్వీస్ లిఫ్ట్, గేటు పర్మిషన్ కనుక్కోవాలి.
- స్కూల్ బస్సు నిజాంపేట వైపు వస్తుందా? చిట్టి స్కూల్లో నేను అడుగుతా.

3 వారాల ముందు (ఏప్రిల్ 4)

ఏప్రిల్ 8, బుధవారం రిజిస్ట్రేషన్. స్లాట్ బుకింగ్ కాగితం, ఆధార్, పాన్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు. బావగారిని, మా తమ్ముణ్ణి సాక్షులుగా రమ్మన్నాను.

ధర 72 లక్షలు, అంటే 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్, 72,000 రూపాయలు, మనమే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లకి పూర్తి డబ్బు ఇచ్చేశాక గుర్తొస్తే ఆ భారం మన నెత్తిన పడుతుంది. అగ్రిమెంట్‌లో రాసుకున్నట్టు రెండు లక్షలు ఆపి ఉంచుదాం, తాళాలు ఇచ్చిన రోజే ఇవ్వాలి. వాళ్లెంత మంచివాళ్లైనా సరే.

మార్చి 31 దాకా ఇంటిపన్ను కట్టిన రసీదు కూడా అడగండి.

2 వారాల ముందు (ఏప్రిల్ 11)

- గ్యాస్ ఏజెన్సీలో బదిలీకి రాసివ్వాలి. నిండు సిలిండర్ లారీలో వేసుకోరు.
- ఇంటర్నెట్ షిఫ్టింగ్ రిక్వెస్ట్, మే 9 తేదీకి.
- ఏసీ విప్పే మెకానిక్‌తో మాట్లాడాలి. గ్యాస్ బయటికి పోకుండా అవుట్‌డోర్ యూనిట్‌లోకి పంపి విప్పడం తెలిసిన మనిషే కావాలి.
- పెద్దోడి పరీక్షలు అవగానే వాడి గది వాడే సర్దుకోవాలి. ఇంటర్‌కి అక్కర్లేని పుస్తకాలు వాచ్‌మన్ కూతురికి.

1 వారం ముందు (ఏప్రిల్ 18)

పని చేసే లక్ష్మమ్మకి, పాలతనికి, పేపర్ అబ్బాయికి చెప్పాలి. లక్ష్మమ్మకి మే నెల జీతం పూర్తిగా ఇద్దాం, ఇన్నేళ్లు చేసింది. పంతులుగారి సామగ్రి చీటీ అత్తయ్య దగ్గర ఉంది. తాళాలు మార్చే మనిషిని, పెస్ట్ కంట్రోల్ వాళ్లని 26కి రమ్మనాలి.

తాళాల రోజు (ఏప్రిల్ 25, శనివారం ఉదయం)

ఎండ పడకముందే వెళ్దాం. వాళ్లు ఇంకా లోపల ఉండగానే ఇవన్నీ చూడాలి, రెండు లక్షలు ఆ తర్వాతే.

- కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, ఫ్లష్ నొక్కి, ఐదు నిమిషాలు ఆగాలి. సింకు కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడాలి.
- బాత్రూం సీలింగ్‌లో చెమ్మ మరకలు, గీజర్, ప్రతి స్విచ్.
- కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో, బిల్లు మీద యూఎస్‌సీ నంబర్ కనిపించేలా. పేరు మార్పుకి అదే కావాలి.
- తాళాలు ఎన్నో లెక్కపెట్టి, పార్కింగ్ నంబరు, గేటు కార్డులు, ఒరిజినల్ పత్రాలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

తాళాలు వచ్చాక

ఏప్రిల్ 26 నుంచి మే 7 దాకా తాళం మార్పు, పెస్ట్ కంట్రోల్, చిన్న పెయింట్ పని, శుభ్రం. మే 8న దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, పాలు పొంగించే గిన్నె మాత్రమే వెళ్తాయి.

మే 9 రాత్రి ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచాలి. వాషింగ్ మెషీన్‌తో వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ బోల్టులు బిగించాకే కదపనివ్వండి. వంటింటి సామాను అన్నిటికంటే చివర సర్దాలి, అక్కడ అన్నిటికంటే ముందు విప్పాలి.

పాత ఆవకాయ జాడీలు లారీలో వేయొద్దు. అత్తయ్య వాసెన గట్టిగా కట్టి ఇస్తారు, పైన కవర్ చుట్టి కారులో కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. కొత్తావకాయ ఈ ఏడు కొత్తింట్లోనే పెడతామన్నారు కాబట్టి కారం, ఆవపిండి, నూనె ముందే కొనొద్దు.

లారీ వెళ్లాక ఖాళీ గదులన్నీ వీడియో తీసి ఓనర్‌గారికి పంపండి. మే 15న ఆయనకి తాళాలిచ్చి అడ్వాన్స్ తీసుకోవాలి. ఆధార్ అడ్రస్, ఓటుకి ఫారం 8, బ్యాంకుల్లో అడ్రస్ మార్పు జూన్‌లో చూసుకుందాం.