సంక్రాంతికి జనవరి 13 నుంచి 17 వరకు మా కొట్టుకు సెలవు

అందరికీ నమస్కారం.

మా మారతహళ్లి పచ్చళ్ల కొట్టులో పనిచేసేవాళ్లంతా గుంటూరు, ఒంగోలు వైపు వాళ్లు. భోగి మంట వేళకు ఇంట్లో ఉండాలని వాళ్లకూ ఉంటుంది కదా. అందుకే జనవరి 13 నుంచి 17 వరకు కొట్టు, వంటిల్లు రెండూ మూసేస్తున్నాం. 18 ఉదయం 10 గంటలకు తెరుస్తాం.

అరిసెలు, సున్నుండలు, జంతికలు పండక్కి అందాలంటే 9వ తేదీ రాత్రి 8 లోపు ఆర్డరు పెట్టండి. బెంగళూరులోపల అయితే 12 సాయంత్రానికల్లా మా అబ్బాయిలే తెచ్చిస్తారు. బయటి ఊళ్లకు పిండివంటల పార్సిళ్లు 10 తర్వాత పంపం. పండగ రద్దీలో కొరియర్ గోదాములో నాలుగు రోజులు పడుంటే అరిసెలు గట్టిపడిపోతాయి, అలాంటివి మీ చేతికివ్వడం మాకు ఇష్టం లేదు. ఆవకాయ, గోంగూర, కారప్పొడుల ఆర్డర్లు మాత్రం సెలవుల్లోనూ పెట్టుకోవచ్చు. వచ్చిన వరుసలోనే 19 నుంచి పంపుతాం.

వాట్సాప్‌లో రోజూ రాత్రి 7 నుంచి 8 వరకు ఒకరు చూస్తారు. అప్పటికే బయల్దేరిన పార్సిల్ ఎక్కడుందో చెప్పగలరు, మిగతావాటికి జవాబు 18 నుంచే. ఫోన్లు ఎత్తలేం, మన్నించండి.

సీసా పగిలినా, నూనె కారినా ఫోటో తీసి పంపండి. రెండు రోజుల్లోపు చెప్పాలన్న మామూలు గడువు ఈ సెలవులకు వర్తించదు. 20 వరకు చెప్పినా కొత్త సీసా పంపుతాం, లేదా డబ్బు తిరిగిస్తాం.

మీకూ మీ ఇంటిల్లిపాదికీ సంక్రాంతి శుభాకాంక్షలు.