వీరేష్ చిట్టీలో ఎనిమిదో ఎక్కం

2026 ఫిబ్రవరి 12, గురువారం

ఈరోజు ప్రీ-ఫైనల్ లెక్కల పరీక్షలో వీరేష్ చిట్టీ చూసి రాస్తూ దొరికాడు. రాత్రి పదిన్నర దాటింది. పేపర్లు సగం దిద్ది పక్కన పెట్టాను. వాడి చిట్టీ టేబుల్ మీదే ఉంది.

పరీక్ష మొదలై గంట దాటాక గమనించాను, జామెట్రీ బాక్స్ మాటిమాటికీ తెరిచి మూస్తున్నాడు. గ్రాఫ్ వేస్తున్నాడేమో అనుకున్నాను. కానీ చేతిలో స్కేలు లేదు, డెస్క్ మీద గ్రాఫ్ పేపర్ లేదు. నేను పక్కకు వెళ్ళేసరికి బాక్స్ మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. చెయ్యి తియ్యరా అంటే తీశాడు. మూత లోపల రఫ్ నోట్‌బుక్ నుంచి చింపిన కాగితం, నాలుగు మడతలు.

సూత్రాలు ఉంటాయనుకున్నాను. పిల్లలు చిట్టీల్లో రాసుకొచ్చేవి అవే. త్రికోణమితి నిష్పత్తులు, దూరం సూత్రం, శంకువు ఘనపరిమాణం. విప్పి చూస్తే ఎక్కాలు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. పెన్సిల్‌తో, చీమ తలకాయంత అక్షరాలతో, నాలుగు వరుసల్లో. పదో తరగతి పిల్లవాడు పబ్లిక్ పరీక్షకు నెల ముందు ఎక్కాలు చిట్టీ రాసుకొచ్చాడు.

వాడు నా మొహం చూడలేదు. "తప్పయింది మేడం" అని గొణిగాడు. చిట్టీ తీసుకున్నాను, చూస్తున్న లెక్క చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను, మిగతావి రాయమన్నాను. తరగతిలో అందరికీ అర్థమైంది, కానీ ఎవరూ తల ఎత్తలేదు. ముందు బెంచీలో రాధిక మాత్రం వెనక్కి తిరిగి చూసింది.

ఇంటికొచ్చాక ముందు వాడి పేపరే తీశాను. ఎర్ర గీత గీసింది సగటు లెక్క మీద, ఎనిమిది మార్కుల ప్రశ్న. తరగతి అంతరాలు సున్నా నుంచి యాభై వరకు, పౌనఃపున్యాలు 4, 7, 9, 8, 2. పట్టిక ఎంత శుభ్రంగా గీశాడో! మధ్య విలువలు 5, 15, 25, 35, 45 సరిగ్గా వేశాడు. పౌనఃపున్యాల మొత్తం 30 సరిపోయింది. కింద సూత్రం కూడా తప్పు లేకుండా రాశాడు. ఆఖరి గడి దగ్గరే ఆగిపోయాడు. నాలుగైదులు ఇరవై వేశాడు. ఏడు పదిహేన్లు దగ్గర 75 వేశాడు. ఏడైదులు ముప్పై అయిదు, అయిదు వేసి మూడు మిగుల్చుకోవాలి, ఆ మూడు కలపడం మర్చిపోయాడు. మూడో వరుసలో తొమ్మిది ఇరవై అయిదులు. అక్కడ రబ్బరుతో తుడిచి తుడిచి కాగితం పల్చబడి అవతలి పేజీ కనబడుతోంది. చిట్టీ తీసింది అక్కడే అయ్యుంటుంది.

నాకు ఈ రాత్రి నిద్ర లేకుండా చేస్తున్నది ఆ పట్టికే. సగటు అంటే ఏమిటో వాడికి తెలుసు. పదో తరగతిలో నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాడు. మూడో తరగతిలో రావాల్సింది రాలేదు. పేపరు మీద సున్నా వేస్తే ఈ రెండింటికీ తేడా కనబడదు, లెక్కలు రాని పిల్లవాడు అని ఒక ముద్ర పడిపోతుంది.

చిట్టీని ఇంకోసారి చూశాను. ఏడో ఎక్కంలో 7×8 = 56 అని సరిగ్గానే ఉంది. పక్క వరుసలో ఎనిమిదో ఎక్కంలో 8×7 = 54 అని ఉంది. రెండూ పక్కపక్కనే ఉన్నా వాడికి తేడా తెలియలేదు. ఏడెనిమిదులన్నా ఎనిమిదేడులన్నా ఒకటే అన్న సంగతి వాడి దగ్గరికి ఇంతవరకు చేరలేదు. ఒక్కొక్క ఎక్కాన్ని విడివిడిగా, పద్యం బట్టీ పట్టినట్టు పట్టాడు. మధ్యలో ఒక పాదం జారిపోతే తర్వాతవన్నీ జారిపోయాయి.

2020 మార్చిలో బళ్ళు మూతపడినప్పుడు వీడు నాలుగో తరగతి. ఐదో తరగతి చాలా మటుకు ఇంట్లోనే గడిచింది. ఇంట్లో ఫోను ఒకటే, అది నాన్న జేబులో ఉండేది. దానికి తోడు మా కర్నూలు పడమటి మండలాల సంగతి తెలిసిందే. వాన లేకపోతే పంట లేదు, పంట లేకపోతే ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి సుగ్గికి పోతాయి. తరగతిలో ఒక్కో బెంచీ ఖాళీ అవుతూ వస్తుంది. వీరేష్ అమ్మానాన్న ఈసారి సంక్రాంతి కాగానే పోయారు. చెల్లెల్ని వెంట తీసుకెళ్ళారు. వీణ్ణి మాత్రం పదో తరగతి అని అవ్వ దగ్గర వదిలారు. ఏడో తరగతిలో, ఎనిమిదో తరగతిలో వీడూ వెళ్ళాడట, రెండేళ్ళూ మూడేసి నెలలు. ఈ మధ్య సీజనల్ హాస్టళ్ళు నడుపుతున్నారు, అక్కడ ఉండే పిల్లలు కొంత నయం. కానీ అన్ని ఊళ్ళకూ అవి లేవు, అవ్వ ఉన్న పిల్లవాణ్ణి ఎవరూ హాస్టల్‌కు పంపరు.

ఇవన్నీ రాస్తున్నానంటే వాడు చేసింది తప్పు కాదని కాదు. తప్పే. రాధిక పేపర్లు కలెక్ట్ చేశాక నా దగ్గరికి వచ్చి అడిగింది: "మేడం, వీరేష్ పేపర్ కూడా దిద్దుతారా?" ఆ పిల్ల పొద్దున నాలుగింటికి లేచి చదువుతుంది. వాళ్ళ అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది, తనూ చుడుతుంది. ఆ పిల్లకు నేను సమాధానం చెప్పాలి. చూసి రాసిన లెక్కకు మార్కులుండవు, మిగతా పేపర్ దిద్దుతాను, ఆ మాట రేపు అందరి ముందూ చెప్తాను అన్నాను. తల ఊపి వెళ్ళింది. జాలి పేరుతో ఆ ఎనిమిది మార్కులూ వేస్తే రాధికకు అన్యాయం చేసినట్టే. వీరేష్‌కు కూడా అన్యాయమే, తనకు వస్తుందో రాదో వాడికి ఎప్పటికీ తెలియదు.

స్టాఫ్ రూంలో చెప్తే రెండు రకాల సలహాలు వచ్చాయి. సోషల్ సార్ అన్నారు, ప్రార్థన దగ్గర నిలబెట్టి చెప్పండి మేడం, లేకపోతే రేపు పదిమంది తెస్తారు చిట్టీలు అని. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, ఆయన పరీక్ష గదిలో ఎంత గట్టిగా ఉంటారో తరగతిలో అంత కష్టపడి చెప్తారు. కానీ ఎక్కాలు రాని సంగతి మూడు వందల మంది ముందు బయటపెడితే ఆ పిల్లవాడు మర్నాడు బడికి రాడు. రెండో సలహానే నాకు ఒళ్ళు మండించింది. "ఎందుకు మేడం టెన్షన్, ప్రీ-ఫైనలే కదా. సెంటర్లో ఎవరో ఒకరు చూసుకుంటారులే."

ఈ మాట పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నారని వెతకనక్కర్లేదు. టీ బంకు దగ్గర అదే మాట, పెళ్ళిళ్ళలో అదే మాట, మీ వాడి సెంటర్ ఎక్కడ పడింది, అక్కడ ఎవరున్నారు అని. సెంటర్ ఎక్కడ పడిందన్నదే చదువు కంటే పెద్ద ప్రశ్న అయిపోయింది. పెద్దవాళ్ళం మనమే అలా మాట్లాడి, పద్నాలుగేళ్ళ పిల్లవాడు జామెట్రీ బాక్సులో కాగితం దాచుకుంటే వాణ్ణి దొంగలా చూస్తాం. నిజానికి పబ్లిక్ పరీక్షలో ఎవరూ ఏమీ చూసుకోరు. స్క్వాడ్ వస్తుంది, పేపర్ లాక్కుంటారు, మాల్‌ప్రాక్టీస్ కేసు రాస్తారు, డీబార్ చేస్తారు. పరీక్షల్లో అక్రమాలకు 1997 నుంచి మనకు ప్రత్యేకంగా చట్టమే ఉంది. సలహా ఇచ్చినవాళ్ళు ఆ రోజు కనబడరు. హాల్‌టికెట్ పట్టుకుని గేటు బయట నిలబడేది పిల్లవాడు.

అందుకే మధ్యాహ్న భోజనం అయ్యాక వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి ముందు ఇదంతా చెప్పాను. భయపెట్టడానికి కాదు, ఉన్నదున్నట్టు. వాడు ఒక్కటే అడిగాడు. "అమ్మకు ఫోన్ చేస్తారా మేడం?"

చెయ్యనని చెప్పాను. ఇది బాగా ఆలోచించే చెప్పాను. వేరే ఊళ్ళో అయితే తల్లిదండ్రులకు చెప్పడం మామూలు విషయం. ఇక్కడ, ఈ నెలలో, గుంటూరు చేలో ఉన్న తల్లికి మీవాడు కాపీ కొట్టాడని ఫోన్ వెళ్తే ఆమె చేసేది ఒకటే: చదువు రాకపోతే మానెయ్, వచ్చి కాయలు కొయ్యి అంటుంది. కోపంతో కాదు. ఇంకొక మనిషి ఉంటే రోజు కూలి పెరుగుతుంది, ఆమెకు అప్పులున్నాయి. అలా వెళ్ళిన పిల్లలు తిరిగి రావడం నేను చూడలేదు. అవ్వతో మాట్లాడతాను, అదీ పరీక్షలయ్యాక.

తర్వాత ఆ లెక్కే కాగితం మీద వేసి ముందు పెట్టాను. ఎనిమిది ముప్పై అయిదులు ఎంతరా అంటే మొహం తిప్పుకున్నాడు. ఎక్కం అడగట్లేదు, ముప్పై అయిదు రెండింతలు చెయ్యి అన్నాను. డెబ్బై. దాన్ని మళ్ళీ రెండింతలు? నూట నలభై. మళ్ళీ? కొంచెం ఆగి, "రెండు వందల ఎనభై" అన్నాడు. అదే ఎనిమిది ముప్పై అయిదులు, మూడుసార్లు రెండింతలు చేస్తే ఎనిమిది రెట్లు అని చెప్పాను. నమ్మలేదు. పక్కన ముప్పై అయిదు ఎనిమిదిసార్లు కిందకు రాసి కూడి చూసుకున్నాడు. అప్పుడు నమ్మాడు. తొమ్మిది ఇరవై అయిదులు నేను చెప్పకుండానే చేశాడు, పది ఇరవై అయిదులు రెండు వందల యాభై, ఒక ఇరవై అయిదు తీసేస్తే 225. మొత్తం 720, ముప్పైతో భాగిస్తే 24. జవాబు కింద రెండు గీతలు గీశాడు, గట్టిగా.

ఆ ఎనిమిది మార్కులూ తీసేస్తే వాడికి 21 వచ్చాయి. పాస్ కావాలంటే ఇంకా 14. సగటు లెక్క ఒకటి, ఇవాళ ముట్టుకోని గ్రాఫ్ ఒకటి, రెండూ పూర్తిగా చేస్తే 16. గ్రాఫ్ ముట్టుకోకపోవడానికీ కారణం అదే అయ్యుంటుంది, విలువల పట్టికలో వర్గాలు చెయ్యాలి, హెచ్చవేతలు చెయ్యాలి. నెల రోజుల్లో త్రికోణమితి అంతా నేర్పాలని కూర్చోను. రోజూ సాయంత్రం అరగంట హెచ్చవేత, భాగహారం, వాటి మీద ఒక సగటు లెక్క, ఒక గ్రాఫ్.

ఇంకొక పని ఉంది. ఈ గది నిండా ఎంతమంది వీరేష్‌లున్నారో నాకు తెలియాలి. మిగిలిన పేపర్లలో మొత్తం మార్కులు చూడటం ఆపి, లెక్క ఎక్కడ ఆగిపోయిందో చూస్తూ దిద్దాలి. ఇప్పటికే దిద్దిన వాటిలో ఇద్దరు సగటు పట్టిక గీసి ఆఖరి గడి ఖాళీగా వదిలారు. వాళ్ళు చిట్టీ తేలేదు, అందుకే నా కంట్లో పడలేదు. వాళ్ళను కూడా సాయంత్రం కూర్చోబెడతాను. ముగ్గురుంటే వీరేష్‌ను వేరు చేసి శిక్ష వేసినట్టు కూడా ఉండదు.

హెచ్.ఎం. గారికి రేపు పొద్దున నోటిమాటగా చెప్తాను, రాసి ఇవ్వను. ఆయన రాసి ఇమ్మంటే నా పట్టుదల చెప్పి చూస్తాను. తర్వాతి పరీక్ష ఫిజికల్ సైన్స్, ఆ గదిలో డ్యూటీ సోషల్ సార్‌ది. మొదటి బెంచీలో కూర్చోబెట్టండి సార్, మాటలు మాత్రం అనకండి అని ఆయనకు ముందే చెప్పాలి.