సాలిం గారికి మన టీమ్ మాట: తెలుగు, అరబీ

తెలుగు

సాలిం గారూ, నమస్కారం.

సోమవారం మీకు అపెండిక్స్ ఆపరేషన్ అయిందని తెలిసినప్పటి నుంచి మాకు మనసు మనసులో లేదు. గండం గడిచిందని మీ తమ్ముడు చెప్పాకే ఊపిరి తీసుకున్నాం. దేవుడు మీకు తొందరగా నయం చేయాలి.

కుట్లు పచ్చిగా ఉన్నన్నాళ్లూ బరువులెత్తకండి. ల్యాప్‌టాప్ సంచీ కూడా బరువే! దగ్గొస్తే పొట్టకు దిండు అదిమి పట్టుకుని దగ్గండి, కుట్ల మీద లాగదు.

ఆఫీసు పని గురించి ఆలోచించకండి. నెలాఖరు రిపోర్టు లావణ్య చూసుకుంటుంది. ఆదివారం మాకు సెలవైనా మస్కట్‌లో మీకు పనిరోజే కదా, ఆ రోజు ఫోన్లు పద్మ తీస్తుంది. డిశ్చార్జి రోజునే మెడికల్ లీవు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఫోటో పంపితే మాకు చాలు.

అమ్మా, రాత్రిళ్లు మేలుకునే ఉంటున్నారట. మీరూ కాస్త నడుం వాల్చండి. సాలిం మావాడే.

జవాబు రాయనక్కర్లేదు. బెంగళూరు వచ్చినప్పుడు గాంధీ బజారులో కాఫీ మా ఖర్చు.

అరబీ (పద్మ చదివి రికార్డు చేయడానికి, తెలుగు లిపిలో)

అస్సలాము అలైకుమ్, అఖీ సాలిమ్. సలామ్‌తక్, మా త్‌షూఫ్ షర్.

సమి'నా ఖబర్ 'అమలియ్యత్ అజ్జాఇదా యోమ్ అల్ఇత్నేన్, వన్‌షఘల్ బాల్‌నా 'అలేక్. వల్‌హమ్దులిల్లాహ్ 'అలా సలామ్‌తక్. షఫాకల్లాహ్ వ 'ఆఫాక్.

లా త్‌షీల్ షయ్ థకీల్, వలా హత్తా షంతత్ అల్లాబ్‌తోబ్. ఇదా జతక్ కహ్హా, హుత్ మ్‌ఖద్దా 'అలా బత్‌నక్.

షుఘ్‌లక్ కుల్లుహ్ 'ఇందనా, లా త్‌ఫక్కిర్ ఫీహ్. తక్రీర్ ఆఖిర్ అష్షహర్ 'ఇంద్ లావణ్యా, వ తిలిఫోనాత్ యోమ్ అల్‌అహద్ 'ఇంద్ బద్మా. యోమ్ అల్‌ఖురూజ్ ఉత్‌లుబ్ షహాదత్ అల్‌ఇజాజా అల్‌మరదియ్యా, వ సూరత్‌హా తక్ఫీనా.

యా ఖాలా ఉమ్ సాలిమ్, సమి'నా ఇన్నిక్ సహిర్‌తీ అల్లయాలీ. ఇర్‌తాహీ ష్‌వయ్. సాలిమ్ వాహిద్ మిన్నా.

మా యిహ్‌తాజ్ త్‌రిద్ 'అలేనా. వల్‌కహ్వా 'అలేనా ఫీ బన్‌ఘలూర్.

రికార్డు చేసే ముందు చూసుకోవలసినవి

ఆయన ఇంగ్లీషులో బాగానే మాట్లాడతారు. అయినా ఇది అరబీలో ఎందుకంటే, మంచం పక్కన ఉన్నది వాళ్లమ్మ, ఆవిడకు వచ్చింది అరబీ ఒక్కటే. అందుకే గ్రంథ భాష పెట్టకుండా గల్ఫ్‌లో నోటికి వచ్చే మాటలే ఎక్కువగా వాడాను.

‘హృదయపూర్వకంగా’ అన్న మాట తెలుగులోనే తీసేశాను. గుండెను అరబీలో ‘కల్బ్’ అంటారు, ఆ ‘క’ కొండనాలుక దగ్గర నుంచి పలకాలి. మన మామూలు ‘క’ తో అంటే కుక్క అవుతుంది. పరామర్శలో అంత సాహసం వద్దు. ‘థకీల్’, ‘తక్రీర్’, ‘కహ్వా’ల్లో కూడా అదే ‘క’ గానీ, అక్కడ తప్పు పలికినా సందర్భం వల్ల అర్థం చెడదు.

చెడేది ‘లా’ దగ్గర. ‘లా’ అంటే కాదు, వద్దు. ‘షఫాకల్లాహ్’ (దేవుడు నయం చేయుగాక) ముందు ‘లా’ వచ్చి తగిలితే ‘నయం చేయకపోవుగాక’ అని శాపం అవుతుంది. అందుకే ఆ దీవెనను ముందు పేరాలో ముగించి, ‘లా త్‌షీల్’ను వేరే పేరాలో పెట్టాను. అక్కడ రెండు సెకన్లు ఆగు పద్మా. తడబడితే ఆ ఒక్క వాక్యమే కాదు, మొదటి నుంచి మళ్లీ రికార్డు చెయ్యి.

మనకు ‘గారు’ ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే. అరబీలో అలా కుదరదు: సాలిం గారికి ‘-అక్’, అమ్మగారికి ‘-ఇక్’, ‘-తీ’. ‘ఇన్నిక్’ను ‘ఇన్నక్’ అనేస్తే అమ్మను మగవాణ్ణి చేసినట్టు. ‘ఉమ్ సాలిమ్’ అంటే సాలిం తల్లి. పెద్ద కొడుకు పేరుతో తల్లిని పిలవడం వాళ్ల మర్యాద, సాలిం ఆవిడకు పెద్దవాడే.

అరబీలో ‘ప’ లేదు, అందుకే నువ్వు ‘బద్మా’ వయ్యావు. నొచ్చుకోకు, ల్యాప్‌టాప్‌కూ అదే గతి పట్టింది. పైన చిన్న గీత ఉన్నచోట గొంతు లోపల బిగించి పలకాలి. రాకపోతే వదిలెయ్యి, అర్థమవుతుంది.

ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు పంపు, మస్కట్‌లో ఐదవుతుంది. రికార్డింగు నిమిషం దాటనివ్వకు. ఒకవేళ ఆయనే ఫోన్ చేసి ‘అల్లాహ్ యిసల్లిమ్‌కుమ్’ అంటే, అది ‘సలామ్‌తక్’కు జవాబు. ‘అష్షర్ మా యిజీకుమ్’ అంటే ‘మా త్‌షూఫ్ షర్’కు జవాబు, చెడు మీ దరికి రాకూడదని.