కావలి వెంకట లక్ష్మయ్య జాడలు: ఆరు వారాల అన్వేషణ ప్రణాళిక

నీకు కావలసింది లక్ష్మయ్య పూర్తి జీవిత చరిత్ర కాదు, ఒక ప్రశ్నకు జవాబు. దక్షిణాది చరిత్ర కోసం తాళపత్రాలూ కాగితాలూ పోగుచేయించిన సర్వే అధికారి కర్నల్ కాలిన్ మెకంజీ 1821 మే నెలలో చనిపోయాక, ఆయన దగ్గర తర్జుమాదారుల పెద్దగా ఉన్న కావలి వెంకట లక్ష్మయ్య ఏం చేశాడు, ఎవరి కింద పనిచేశాడు, జీతమో పింఛనో వచ్చిందా? ఈ ప్రశ్నను కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకో. పుట్టుక, కులం, వంశవృక్షం దొరికితే రాసుకో, వాటి వెంట మాత్రం పడకు. కాలపరిమితి 1821 నుంచి 1840 వరకు.

మొదటే ఒక మాట చెప్పాలి. కొత్తవాళ్లందరూ వెతుకులాట పెట్టెలో మనిషి పేరు కొట్టి, ఏమీ రాకపోతే రికార్డే లేదనుకుంటారు. కంపెనీ కాలంలో ఒక భారతీయ ఉద్యోగి పేరు మీద ఫైలు తెరవడం అరుదు. అతని పేరు దొర ఫైలు లోపల, ఏదో ఒక పేరాలో, వంకర స్పెల్లింగుతో ఉంటుంది. అందుకే ఈ ప్రణాళిక మనిషితో మొదలవదు. అతను పనిచేసిన దఫ్తరం, ఆ దఫ్తరం ఉన్న ఊరు, ఆ ఊరి కాగితాలు ఎక్కడికి చేరాయన్నది ముందు చూస్తుంది.

మొదటి వారం: తెలిసినదాన్ని ఒక పేజీలోకి తెచ్చుకో

కావలి సోదరులు ముగ్గురు మనకు ముఖ్యం. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1776లో ఏలూరులో పుట్టి 1803లో చనిపోయాడు. ఆ స్థానంలోకి లక్ష్మయ్య వచ్చాడు. మరొక సోదరుడు వెంకట రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేశాడు. ముగ్గురి ఇంటిపేరూ ఒకటే, మధ్య పేరూ ఒకటే. కాబట్టి "కావలి వెంకట" అని కనిపించిన ప్రతి చోటా ఏ సోదరుడో తేల్చుకోవాలి. 1803 తర్వాత కూడా పనిచేస్తున్నట్టు కనిపిస్తే బొర్రయ్య కాదని ఖాయం. మిగిలిన ఇద్దరిని ఊరూ పనీ చూసి విడదీయాలి.

నా నియమం ఇది: పేరు ఒక్కటే కలిస్తే సరిపోదు, ఇంకో రెండు గుర్తులు కలవాలి. మెకంజీ ప్రస్తావన, మద్రాసు, తర్జుమా పని, సర్వే శాఖ, వీటిలో ఏ రెండైనా సరే. లక్ష్మయ్యలు ఊరికొకరు ఉంటారు.

ఇక పేరు రాతలు. ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. వీటితో మొదలుపెట్టు, దొరికే కొద్దీ కొత్తవి చేర్చు:

```
Cavelly / Cavelli / Cavally / Kavali
Venkata / Vencata / Venkat
Lechmiah / Letchmiah / Lutchmiah / Lachmia / Lakshmiah
```

స్కాన్ చేసిన పుస్తకాల్లో కంప్యూటరు e ని c గా చదవడం మామూలే. అందుకని `Lcchmiah` అని కూడా ఒకసారి కొట్టి చూడు. వట్టి ఇంటిపేరుతో, పక్కన `Mackenzie` పెట్టి వెతికితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

రెండో వారం: గెజిటీర్లు, అంటే ఊరు ఏ జిల్లాలో ఉండేదో

గెజిటీర్‌లో లక్ష్మయ్య కనిపిస్తాడని ఆశ పెట్టుకోకు. అది మనుషుల కోసం కాదు, ఊళ్ల కోసం. ప్రభుత్వ ప్రకటనలు అచ్చయ్యే గెజెట్ వేరు, ఇది వేరు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్ 1832లో మొదలైంది, దాన్ని నాలుగో వారానికి ఉంచుకో.

ఊళ్ల కోసం వాల్టర్ హామిల్టన్ ఈస్ట్ ఇండియా గెజిటీర్ చూడు. 1815లో మొదటిసారి, 1828లో రెండోసారి వచ్చింది కాబట్టి మనకు కావలసిన కాలానికి దగ్గరిది. తర్వాత ఎడ్వర్డ్ థార్న్‌టన్ 1854 గెజిటీర్, ఆపైన 1908లో మొదలైన ఇంపీరియల్ గెజిటీర్ కొత్త ప్రచురణ. ఈ చివరిది షికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఉచితంగా చదవొచ్చు. మూడింటిలోనూ `Ellore` అనే వెతుకు, `Eluru` అని కాదు.

దీనివల్ల లాభమేమిటంటే, జిల్లా పేరు మారితే ఫైలు ఉండే అలమర మారుతుంది. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలుగా మార్చారు. 1925లో పశ్చిమ గోదావరి వచ్చింది, 2022లో ఏలూరు జిల్లా వచ్చింది. నీకు కావలసినవి 1859కి ముందు కాగితాలు. ఇవాళ్టి జిల్లా పేరుతో అడిగితే రికార్డు గదిలో ఎవరూ సాయం చేయలేరు. గోదావరి జిల్లా మీద హెన్రీ మోరిస్ రాసిన 1878 మాన్యువల్ కూడా తిరగెయ్యి. ఒక సాయంత్రం చాలు.

మూడో వారం: గ్రంథాలయ కేటలాగులు

ముందుగా అచ్చులో వచ్చినవి. ఇక్కడ నీకు ఎక్కువ దారులు చూపే పుస్తకం ఆర్. హెచ్. ఫిలిమోర్ సర్వే ఆఫ్ ఇండియా చారిత్రక రికార్డుల సంపుటాలు. రెండో సంపుటం 1800–1815, మూడోది 1815–1830 కాలానికి. వెనక ఉన్న సూచిక, ఉద్యోగుల జీవిత వివరాలు, పేజీ అడుగున ఉన్న ఆధారాలు, మూడూ చూడు. ఆ అడుగు గమనికల్లో కనిపించే ఫైలు నంబర్లే నాలుగో వారానికి నీ జాబితా.

తర్వాత హెచ్. హెచ్. విల్సన్ 1828లో కలకత్తాలో అచ్చువేసిన మెకంజీ సేకరణల వివరణాత్మక కేటలాగు. మెకంజీ పోయాక ప్రభుత్వం ఆ సేకరణను ఆయన భార్య దగ్గర కొన్నది. కొంత లండన్ వెళ్లింది, దక్షిణాది భాషల తాళపత్రాలూ కాగితాలూ చాలావరకు మద్రాసు చేరాయి. మద్రాసులో ఉన్న భాగాన్ని విలియం టేలర్ పరిశీలించాడు. ఆయన కేటలాగు 1857 నుంచి 1862 వరకు మూడు సంపుటాలుగా వచ్చింది. వీటిలో ఏ కైఫీయతు, అంటే ఊరి చరిత్ర రాసిన కాగితం, ఎవరు సేకరించారన్న చోట సహాయకుల పేర్లు వస్తాయి, అవి రాసుకో.

అన్నిటికన్నా ముఖ్యమైనది 1836. ఆ ఏడాది బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ జర్నల్ అయిదో సంపుటంలో, మెకంజీ పరిశోధనలను మళ్లీ మొదలుపెడతానని లక్ష్మయ్య పెట్టుకున్న ప్రతిపాదన మీద కమిటీ నివేదిక అచ్చయింది. అంటే మెకంజీ పోయిన పదిహేనేళ్లకు కూడా మనవాడు పని వదల్లేదు. ఆ నివేదిక మొత్తం చదువు, సొసైటీ ఏమన్నదో మాత్రమే కాదు, లక్ష్మయ్య తన గురించి ఏం చెప్పుకున్నాడో విడిగా ఎత్తి రాసుకో. ఆర్కైవ్.ఆర్గ్‌లో సంపుటం దొరుకుతుంది. వరల్డ్‌క్యాట్‌లో చూస్తే అచ్చు ప్రతి ఏ గ్రంథాలయంలో ఉందో తెలుస్తుంది.

కేటలాగులో వెతికేటప్పుడు రచయిత గడిలోనే ఆగిపోవద్దు. విషయం గడిలో `Mackenzie Collection` అని కూడా ఇవ్వు. రచయిత గడిలో మాత్రం రామస్వామి పుస్తకం వస్తుంది, సంతోషించి దాన్ని లక్ష్మయ్య ఖాతాలో వేసేయకు.

నాలుగు, అయిదు వారాలు: ఆర్కైవులు

అసలు పని ఇక్కడుంది. కంపెనీ పాలనకు ఒక మంచి అలవాటు: ప్రతిదీ రాసేది, రాసినదాన్ని మళ్లీ మళ్లీ నకలు తీసేది. ఉదాహరణకు లక్ష్మయ్య పింఛను కోసం మద్రాసు ప్రభుత్వానికి అర్జీ పెట్టాడనుకుందాం. ఆ అర్జీ ఆ రోజు కౌన్సిలు కార్యవాహిలోకి ఎక్కుతుంది. ఆ కార్యవాహి నకలు లండన్ వెళ్తుంది. మద్రాసు నుంచి వెళ్లే సాధారణ ఉత్తరంలో దాని సారాంశం ఒక పేరాగా ఉంటుంది. లండన్‌లో జవాబు ముసాయిదా చేసేవాళ్లు సంబంధిత కాగితాలన్నీ ఒక కట్టగా పోగుచేసుకుంటారు, దాన్నే బోర్డ్స్ కలెక్షన్స్ అంటారు. చివరికి కంపెనీ డైరెక్టర్ల జవాబు తిరిగి మద్రాసు చేరుతుంది. ఒకే అర్జీకి ఇన్ని అడుగులు. ఒక చోట చెదలు తిన్నా ఇంకో చోట బతికుండే అవకాశం ఉంది.

బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో బోర్డ్స్ కలెక్షన్స్ వరుస `IOR/F/4`, కార్యవాహులు `IOR/P`, ఇండియాతో ఉత్తర ప్రత్యుత్తరాలు `IOR/E/4`. ఆ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగు 2023 అక్టోబరు సైబర్ దాడి తర్వాత చాలాకాలం ఆగిపోయింది. అందుకని అక్కడ ఒక్కచోటే వెతికి తీర్పు చెప్పకు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వారి `Discovery` లోనూ చూడు. `IOR/L/AG/34/29` వరుసలో వీలునామాలుంటాయి. మెకంజీ వీలునామా అడుగు. యజమాని ఆఖరి మాటల్లో నౌకర్ల పేర్లు రావడం కొత్తేమీ కాదు.

చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు పబ్లిక్ డిపార్ట్‌మెంట్ సంపుటాలున్నాయి. వాటిని తేదీల వరుసలో కట్టారు, కాబట్టి ముందు సూచిక అడుగు. సూచికలో లక్ష్మయ్య పేరు లేకపోతే మెకంజీ, సర్వే, పింఛన్లు, తర్జుమాదారులు, లిటరరీ సొసైటీ, ఇలా వరుసగా చూడు. దొరికిన ప్రతిచోటా కన్సల్టేషన్ తేదీ, అంటే కౌన్సిలు ఆ సంగతి చూసిన తేదీ, దాని నంబరు రాసుకుంటే చాలు, మిగతాది సంపుటమే చూపిస్తుంది. చెన్నైలోనే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. మెకంజీ కైఫీయతులకు సి. పి. బ్రౌన్ తీయించిన నకళ్ల సంగతి అక్కడ అడుగు. ఆ నకళ్లు ఎక్కువగా తెలుగులోనే ఉంటాయి కాబట్టి, పై ఇంగ్లీషు స్పెల్లింగుల గొడవ అక్కడ లేదు.

ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో సర్వే ఆఫ్ ఇండియా కాగితాలున్నాయి. వెళ్లనక్కర్లేకుండా ముందు అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో `Mackenzie`, `Surveyor General`, 1821–1825 అని వెతుకు. మెకంజీ 1815లో ఇండియా మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1817లో కలకత్తా వెళ్లాడు. కాబట్టి ఆయన చివరి ఏళ్లకు మద్రాసు కన్నా కలకత్తా కాగితాలే మేలు. ఆయన చావు తర్వాత ఆఫీసులో ఎవరిని ఉంచారు, ఎవరిని తీసేశారన్నది కూడా అందులోనే తేలాలి.

ఏ ఆర్కైవుకైనా ఉత్తరం రాస్తే నాలుగు ముక్కలు: వ్యక్తి, కాలం, ఇప్పటికే చూసిన సంపుటాలు, కావలసిన ఒక్క వరుస. "లక్ష్మయ్య గురించి ఏమున్నాయో చెప్పండి" అని రాస్తే జవాబు రాదు, వచ్చినా ఉపయోగం ఉండదు. "1822 నుంచి 1825 వరకు మద్రాసు పబ్లిక్ కార్యవాహుల సూచికలో మెకంజీ పేరు కింద ఉన్న ఎంట్రీల నకలు ఇవ్వగలరా" అని అడిగితే పని జరుగుతుంది.

ఆరో వారం: ఖాతా సరిచూసుకోవడం

మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టు. ఒక్కో వెతుకులాటకు ఒక్కో వరుస: తేదీ, ఎక్కడ వెతికావు, ఏ స్పెల్లింగు, ఏ సంవత్సరాలు, కేటలాగు వివరణలోనా పూర్తి పాఠంలోనా, ఏం దొరికింది. ఏమీ దొరకనివి తప్పకుండా రాయాలి. `Lutchmiah` అని `Discovery` లో వెతికితే ఏమీ రాలేదన్నది కూడా సమాచారమే. రాసుకోకపోతే వచ్చే నెల అదే పని మళ్లీ చేస్తావు. దొరికినదానికి ఫోటో తీస్తే ముందు సంపుటం అట్ట, తర్వాత పేజీ, ఈ వరుసలో తియ్యి. అట్ట లేని ఫోటో వారం తిరిగేసరికి ఎక్కడిదో చెప్పలేవు.

చివర్లో ఒక కాలక్రమం వెయ్యి. ఎడమవైపు సంవత్సరం, మధ్యలో సంగతి, కుడివైపు ఆధారం. 1821కీ 1836కీ మధ్య ఖాళీలు కనిపిస్తాయి, వాటిని ఊహతో నింపకు. ఏ ఖాళీ పెద్దదో చూసి, ఆ ఏళ్ల పబ్లిక్ కార్యవాహుల సూచికలకు మళ్లీ వెళ్లు. ఆ పేజీ తయారైన రోజు నాకు చూపించు, ఎగ్మూరులో ఏ సంపుటం ముందు అడగాలో కూర్చుని తేలుద్దాం.