దర్గామిట్ట ఇంటి నోటీసు, తెలుగులో

నాన్నా, అమ్మా,

ఓనరు పంపిన ఇంగ్లీషు నోటీసు మొత్తం కింద తెలుగులో రాశాను. తేదీలు, డబ్బులు, షరతులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నేను చెప్పాల్సినది నోటీసు అయిపోయాక విడిగా రాశాను.

నోటీసు
తేదీ: 3 నవంబర్ 2025

నెల్లూరు దర్గామిట్టలోని నా ఇంటి మొదటి అంతస్తును మీకు 1 ఫిబ్రవరి 2025 నుంచి 11 నెలలకు అద్దెకు ఇచ్చాను. ఆ ఒప్పందం 31 డిసెంబర్ 2025తో ముగుస్తుంది.

మీరు కొనసాగదలిస్తే 1 జనవరి 2026 నుంచి 30 నవంబర్ 2026 వరకు కొత్త ఒప్పందం రాసుకోవాలి. నెల అద్దె రూ.9,500 నుంచి రూ.10,500కు పెరుగుతుంది. మెయింటెనెన్స్ రూ.600లో మార్పు లేదు. ఈ రెండూ ప్రతి నెలా 5వ తేదీలోగా చెల్లించాలి. ఆలస్యమైతే రోజుకు రూ.50 అదనం. అడ్వాన్సు రూ.28,500 నుంచి రూ.31,500కు పెరుగుతుంది కనుక తేడా రూ.3,000 ఒప్పందంపై సంతకం చేసే రోజున ఇవ్వాలి. కరెంటు బిల్లు మీరే కట్టుకోవాలి. నా రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని ఇతరులకు అద్దెకు ఇవ్వకూడదు.

మీ నిర్ణయం రాతపూర్వకంగా 30 నవంబర్ 2025లోగా నాకు చేరాలి. ఆలోగా జవాబు రాకపోతే మీకు కొనసాగే ఉద్దేశం లేదని భావిస్తాను. అప్పుడు 31 డిసెంబర్ 2025 సాయంత్రం 5 గంటలలోగా ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. ఆ తర్వాత ఉన్న ప్రతి రోజుకూ రూ.700 చెల్లించాలి. రంగుల ఖర్చు రూ.6,000కు మించకుండా, మీరు ఇవ్వవలసిన బాకీలతో పాటు అడ్వాన్సులో మినహాయించి, మిగిలినది తాళాలు అందిన 15 రోజుల్లో తిరిగి ఇస్తాను.

అక్టోబర్ అద్దెలో రూ.1,500 బాకీ ఉంది. దాన్ని 15 నవంబర్ 2025లోగా చెల్లించాలి. 16 నవంబర్ 2025 ఆదివారం ఉదయం 10 నుంచి 11 గంటల మధ్య ఇల్లు చూడడానికి వస్తాను.

సంతకం: ఇంటి యజమాని

నోటీసు అంతే. ఇక నా మాటలు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది నవంబర్ 30. జవాబు ఆ రోజుకు ఆయన చేతికి అందాలి, మనం పోస్టు చేస్తే చాలదు. పైగా అది ఆదివారం. కాబట్టి 20వ తేదీకల్లా రసీదుతో కూడిన స్పీడ్ పోస్టులో పంపండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని అనుకోకండి నాన్నా. ఇక్కడ ఊరుకుంటే ఖాళీ చేయడమే.

ఆ రూ.1,500 సంగతి. బోరు మోటారు రిపేరుకు మీరు ఇచ్చిన డబ్బు అద్దెలో పట్టుకోమని ఓనరు ఫోనులో అన్నారని చెప్పారు కదా, కాగితంలో ఆ ఊసే లేదు. మెకానిక్ ఇచ్చిన చీటీ అమ్మ బీరువాలో పెట్టింది. దాన్ని ఫొటో తీసి నాకు పంపండి, 15వ తేదీకి ముందే ఓనరుకు రాద్దాం. ఆయన ఒప్పుకోకపోతే అదే రోజులోగా కట్టేసి రసీదు తీసుకుందాం.

ఉండాలనుకుంటే జనవరి 5లోగా అద్దె, మెయింటెనెన్స్ కలిపి రూ.11,100. తేడా అడ్వాన్సు రూ.3,000 సంతకం రోజున వేరే. నేనైతే ఉండమనే అంటాను, అమ్మ మోకాళ్లకు ఆసుపత్రి దగ్గరే కదా. మీ ఇద్దరూ ఏమనుకుంటున్నారో చెబితే జవాబు ఉత్తరం రాసి పంపిస్తాను.