సబ్జెక్ట్: పండగ సేల్ పోస్టర్, మార్చాల్సినవి (రేపు సాయంత్రం ప్రెస్సుకి ఇవ్వాలి)

తమ్ముడూ,

పోస్టర్ రెండో వెర్షన్ చూశాను. రంగులు, పైన పూల బార్డర్ చాలా బాగా కుదిరాయి, వాటిని ఇక కదపకు. కింద రాసినవి మాత్రం మార్చాలి.

ముందు తేదీ. ‘శనివారం, అక్టోబర్ 9’ అని పడింది. 9 శుక్రవారం. ‘అక్టోబర్ 9 శుక్రవారం నుంచి 18 ఆదివారం వరకు’ అని ఒకే లైన్లో రావాలి. ఫోన్ నంబర్‌లో చివరి రెండంకెలు తారుమారయ్యాయి, 27 కాదు, 72.

అన్నిటికంటే ముఖ్యమైనది ‘50%’ పక్కన ఉండే ‘వరకు’. ఇప్పుడది చీమ తలకాయంత ఉంది. పోయినసారి కూడా ఇలాగే చిన్నగా వేయించాం, ఒక పెద్దావిడ పోస్టర్‌ని ఫోన్లో ఫొటో తీసుకొచ్చి, కౌంటర్ మీద పెట్టి, సగం ధరే కదమ్మా రాశారు అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆవిడది తప్పు కాదు, మనం రాసిన తీరు తప్పు. అందుకని ‘వరకు’ సైజు 50 అంకెలో కనీసం సగం ఉండాలి, రంగు కూడా అదే పసుపు. దాని కిందే ‘కొత్త స్టాక్‌పై 10%’ అని వేరే లైను పెట్టు, మూలన స్టార్ గుర్తు పెట్టి దాచొద్దు.

‘వస్త్రాలు’లో ఒత్తులు విడిపోయి ‘వస్‌త్‌రాలు’ అని కనిపిస్తోంది. నీ సిస్టమ్‌లో సరిగ్గా ఉండి పీడీఎఫ్ చేసినప్పుడు చెడిందేమో, ఫాంట్ మార్చినా పర్లేదు కానీ ఒత్తు మాత్రం అక్షరం కిందే ఉండాలి. అన్నీ సరిచూశాక అక్షరాలను అవుట్‌లైన్ చేసి పంపు, ప్రెస్సులో మళ్లీ చెడకుండా.

క్యూఆర్ కోడ్ మెరూన్ మీద నల్లగా ఉంది, మూడు ఫోన్లతో ప్రయత్నించాను, ఒక్కదాంట్లోనూ తెరుచుకోలేదు. తెల్ల గడిలో పెట్టి చుట్టూ ఖాళీ వదులు, ప్రింట్‌లో 3 సెంటీమీటర్లకి తగ్గొద్దు.

ఫొటోలో అమ్మాయి జడ షాపు పేరు చివరి అక్షరం మీదికొచ్చింది. ఫొటోని కొంచెం కుడికి జరిపితే చాలు.

ఫైనల్ ఫైల్ ఏ3, నిలువు, సీఎంవైకే, 300 డీపీఐ, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్. ప్రెస్సు వాళ్లు అడిగింది ఇదే. వాట్సాప్ స్టేటస్‌కి 1080 బై 1920లో ఇంకోటి కావాలి, అందులో అడ్రస్ తీసేసి తేదీలు పెద్దవి చెయ్.

ఇవి నువ్వు ఒప్పుకున్న రెండు రౌండ్ల మార్పుల్లోనే వస్తాయనుకుంటున్నాను, కానీ స్టేటస్ సైజు ముందు మాట్లాడుకోలేదు కాబట్టి దానికి ఎంతో చెప్పు, కలిపి పంపిస్తాను. రేపు మధ్యాహ్నం 2 లోపు చూపిస్తే అరగంటలో ఓకే చెప్పేస్తాను. ఏదైనా అర్థం కాకపోతే కాల్ చెయ్, రాత్రి 9 దాకా షాపులోనే ఉంటాను.

అక్క