పురుషుల జనరల్ వార్డు: రాత్రి డ్యూటీ నుండి ఉదయం డ్యూటీకి హ్యాండోవర్ నోట్

స్థలం: గుంటూరు. రాత్రి డ్యూటీ: 2025 అక్టోబరు 14, మంగళవారం రాత్రి 8 గంటల నుండి 15, బుధవారం ఉదయం 8 గంటల వరకు.

వార్డులోని 30 పడకల్లో 27 మంది రోగులు ఉన్నారు. రాత్రి ఇద్దరు కొత్తగా చేరారు, మరణాలు లేవు. డ్యూటీలో ఇద్దరు స్టాఫ్ నర్సులం, ఒక వార్డు బాయ్ ఉన్నాము. పడకల వరుసను పక్కన పెట్టి, మీరు ముందుగా ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆ క్రమంలోనే రాస్తున్నాను. ముందు 12వ పడక, తరువాత 7, ఆపైన 19, 15.

12వ పడక (24 ఏళ్ళు, 60 కిలోలు, మంగళగిరి)

పరిస్థితి: డెంగీ జ్వరం, నేటికి అయిదో రోజు. రాత్రి 2 గంటలకు జ్వరం 98.8కి దిగింది. అప్పటి నుండి కడుపునొప్పి ఎక్కువైంది, మూడుసార్లు వాంతి అయింది.

నేపథ్యం: ప్లేట్‌లెట్లు నిన్న ఉదయం 62,000 ఉండగా రాత్రి 41,000కి వచ్చాయి. హెమటోక్రిట్ 40 నుండి 46కి పెరిగింది. ఎక్కడా రక్తస్రావం లేదు. రెండో వాంతి ఆకుపచ్చగా ఉండటంతో పైత్యమేమోనని అనుమానించి అడిగితే, తల్లిగారు అర్ధరాత్రి బొప్పాయి ఆకు రసం తాగించినట్లు చెప్పారు. సీసా పడక కిందే దొరికింది, ఇంటికి పంపించాము.

అంచనా: జ్వరం దిగింది కదా అని ఇంటివారు ఊరట పడుతున్నారు గానీ, ఈ రోగి విషయంలో జాగ్రత్త పడవలసిన గంటలు ఇవే. 4:30కి పల్స్ 112, బీపీ 100/78 ఉన్నాయి, అంటే పై అంకెకూ కింది అంకెకూ తేడా 22 మాత్రమే. చేతులు చల్లగా ఉన్నాయి, అర్ధరాత్రి నుండి అప్పటివరకు మూత్రం 90 మి.లీ. మాత్రమే వచ్చింది. డ్యూటీ డాక్టరు గారు వెంటనే వచ్చి చూసి, 4:45 నుండి రెండు గంటలపాటు నార్మల్ సెలైన్ గంటకు 300 మి.లీ. చొప్పున ఎక్కించమన్నారు. 6:45కి పల్స్ 98, బీపీ 108/78, చేతులు వెచ్చబడ్డాయి, 7 గంటలకు మరో 130 మి.లీ. మూత్రం వచ్చింది.

చేయవలసినది: 6:45 నుండి సెలైన్ గంటకు 180 మి.లీ. చొప్పున నడుస్తున్నది. వైటల్స్ గంటకొకసారి చూడాలి. బీపీ రాసేటప్పుడు రెండు అంకెల తేడాను కూడా చార్టులో విడిగా రాయగలరు, అది 20కి చేరినా, మూత్రం గంటకు 30 మి.లీ. కంటే తగ్గినా రౌండ్స్ వరకు ఆగకుండా డాక్టరు గారికి ఫోన్ చేయాలి. 8:30కి హెమటోక్రిట్ పంపాలి, ట్యూబుకు లేబుల్ అంటించి ట్రేలో ఉంచాను. నొప్పికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్ గానీ కండకు ఇంజెక్షన్ గానీ ఇవ్వరాదు. ప్లేట్‌లెట్లు ఎక్కించమని బంధువులు పట్టుబడుతున్నారు. రక్తస్రావం లేనందున ప్రస్తుతానికి అవసరం లేదని డాక్టరు గారు చెప్పారు, అదే మాట ఉదయం డ్యూటీవారు కూడా చెబితే వారు కుదుటపడతారు.

7వ పడక (58 ఏళ్ళు, మిర్చి యార్డులో హమాలీ)

పరిస్థితి: సీఓపీడీ ముదిరి ఆయాసంతో చేరిన మూడో రోజు. రాత్రి 1:15కి రౌండుకు వెళ్ళినప్పుడు మగతగా ఉన్నారు, పిలిస్తే ఆలస్యంగా పలికారు.

నేపథ్యం: ఈ రోగికి ఆక్సిజన్ సాచురేషన్ 88 నుండి 92 మధ్య ఉంచాలని కేస్ షీటులో ఉన్నది. గాలి సరిపోవడం లేదనుకొని కుమారుడు ఫ్లోమీటరును 2 లీటర్ల నుండి 6 లీటర్లకు తిప్పారు. మేము చూసేసరికి సాచురేషన్ 97.

అంచనా: వెంటనే 2 లీటర్లకు తగ్గించి డాక్టరు గారికి తెలియజేశాము. ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 58, పీహెచ్ 7.33 వచ్చాయి. 2:30కి తెలివిగా మాట్లాడి మంచినీళ్ళు అడిగారు. 6:30కి సాచురేషన్ 90, శ్వాస నిమిషానికి 22.

చేయవలసినది: ఫ్లోమీటరుపై ప్లాస్టరు అంటించి "2 లీటర్లు దాటించరాదు" అని రాశాను, దానిని తీయవద్దు. మధ్యాహ్నం 12 గంటల నెబ్యులైజేషన్ మెషీన్‌తోనే ఇవ్వాలి, ఆక్సిజన్ లైనుతో వద్దు. 9 గంటలకు ఏబీజీ మళ్ళీ తీయాలి. కుమారుణ్ణి మందలించలేదు. కారణం వివరించిన తరువాత ఆయనే రాత్రంతా మీటరుకు కాపలా కూర్చున్నారు.

19వ పడక (63 ఏళ్ళు, సత్తెనపల్లి)

పైల్స్ వల్ల నెలల తరబడి రక్తం పోయి హిమోగ్లోబిన్ 6.2కి దిగినందున ఒక యూనిట్ ప్యాక్డ్ సెల్స్, బి పాజిటివ్, ప్రస్తుతం ఎక్కుతున్నది. బ్లడ్ బ్యాంకు నుండి 5:50కి వచ్చింది, ఇద్దరం సరిచూసి 6:10కి మొదలుపెట్టాము, కాబట్టి 10:10లోపు పూర్తి కావాలి. మొదలుపెట్టే ముందు టెంపరేచర్ 98.4, 15 నిమిషాలకు 98.6, 7 గంటలకు 99.0. దద్దుర్లు, చలి, నడుము నొప్పి లేవు. పెరుగుదల స్వల్పమే అయినా అరగంటకొకసారి చూడవలసిందిగా కోరుతున్నాను. రియాక్షన్ అనిపిస్తే రక్తం ఆపి, సెట్ మార్చి, నార్మల్ సెలైన్‌తో లైను నిలిపి డాక్టరు గారిని పిలవాలి, బ్యాగు పారవేయకుండా బ్లడ్ బ్యాంకుకు పంపాలి. ఇదే లైనులో వేరే మందేదీ ఇవ్వరాదు.

15వ పడక (52 ఏళ్ళు, షుగర్ వ్యాధి, కుడి పాదం పుండుకు శుభ్రపరిచే ఆపరేషన్ జరిగిన రెండో రోజు)

రాత్రి 8 గంటల ఇన్సులిన్ తీసుకున్న తరువాత, అటెండర్ బయట మెస్ నుండి తెచ్చిన భోజనం సయించక రెండు ముద్దలతో సరిపెట్టారని మాకు ఆలస్యంగా తెలిసింది. 3:10కి చెమటలు, వణుకుతో లేచారు, షుగర్ 54 ఉన్నది. స్పృహలో ఉన్నందున నాలుగు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించాము. 15 నిమిషాలకు 88 వచ్చింది, తరువాత పాలు, బిస్కట్లు తీసుకున్నారు. 6 గంటలకు 126. ఉదయపు 18 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వలేదు. మోతాదు రౌండ్స్‌లో నిర్ణయిస్తామనీ, టిఫిన్ కళ్ళెదుట తిన్నాకే ఇవ్వాలనీ డాక్టరు గారు ఫోన్‌లో చెప్పారు, అది కేస్ షీటులో రాశాను, ఆయన సంతకం తీసుకోవాలి. కట్టు పొడిగానే ఉన్నది.

మిగిలినవారు

24వ పడకలో సెల్యులైటిస్‌తో రాత్రి 11 గంటలకు చేరిన రోగికి గతంలో పెన్సిలిన్ పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని భార్య చెప్పారు. క్యాజువాలిటీ కాగితంలో ఆ సంగతి లేదు. కేస్ షీటు పైన ఎర్ర సిరాతో రాశాము. యాంటీబయాటిక్ తొలి డోసు డాక్టరు గారు మార్చి రాసిన తరువాతే ఇచ్చాము. 9వ పడకవారికి 10 గంటలకు కడుపు స్కానింగ్ ఉన్నందున అర్ధరాత్రి నుండి ఏమీ ఇవ్వలేదు, కాఫీ ఇచ్చేయకుండా క్యాంటీన్ మనిషికి చెప్పగలరు. 3వ పడకలోని పక్షవాతపు రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాము. నడుము దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రదనం కనిపించింది, చర్మం చిట్లలేదు. చివరిసారి 6 గంటలకు ఎడమవైపు తిప్పాము. రైల్స్ ట్యూబు ఫీడు 8 గంటలకు ఇవ్వాలి. కొత్తగా చేరిన రెండో రోగి 28వ పడకలో విరేచనాలతో ఉన్నారు, ఓఆర్ఎస్ నిలుస్తున్నది. 5, 17 డిశ్చార్జికి సిద్ధం. తక్కినవారి వైటల్స్ నిలకడగా ఉన్నాయి, వివరాలు చార్టులో ఉన్నాయి.

సామగ్రి

రెండో సక్షన్ మెషీన్ లాగడం లేదు, ఫిర్యాదు పుస్తకంలో రాశాను. గ్లూకోమీటరు స్ట్రిప్పులు 11 మాత్రమే మిగిలాయి, ఉదయమే ఇండెంట్ పెట్టాలి. ఎమర్జెన్సీ ట్రేలో రాత్రి వాడినవి తిరిగి నింపి సరిచూశాము.

పై నాలుగు పడకల దగ్గరా ఉదయం డ్యూటీ సిస్టర్‌తో కలిసి నిలబడి ఈ నోట్ చదివి వినిపించాను. 12వ పడక సెలైన్ వేగాన్ని, 19వ పడక బ్యాగు నంబరును ఆమె స్వయంగా సరిచూసుకున్నారు. మందుల అల్మారా తాళాలు ఉదయం 8:10కి అప్పగించాను.

రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సు